గ్రూపులోంచి చప్పుడు లేకుండా వచ్చేశాక మోగే ఫోన్: సమస్య, కారణం, పరిష్కారం

పచ్చటి పొదలోకి వెనక్కి వెనక్కి నడుస్తూ మాయమైపోయే హోమర్ సింప్సన్‌ను మీరు చూసే ఉంటారు. 1994లో వచ్చిన ఒక సింప్సన్స్ ఎపిసోడ్‌లోని కొద్ది క్షణాల ముక్క అది. ఇవాళ "ఫ్యామిలీ గ్రూపులోంచి నేను" అన్న మాట తగిలించుకుని మన ఫోన్లలో తిరుగుతోంది. ఒకసారి ఆపి ఆపి చూడండి. అతను వీపు తిప్పడు. కళ్లు ఎదుటివాళ్ల మీదే ఉంటాయి, కాళ్లు మాత్రం వెనక్కి పోతుంటాయి, చివరికి ఆకులు మూసుకుంటాయి. వెళ్లిపోవాలని ఉంది, వెళ్తున్నట్టు కనబడకూడదనీ ఉంది. ఆ మీమ్ చూసి మనం నవ్వేది ఆ రెండు కోరికల మధ్య ఇరుకుకే. వాట్సాప్‌లో ఆ ఇరుకు ఎక్కడెక్కడ వస్తుందో, ఎలా బయటపడాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

సమస్య: చప్పుడు లేకుండా వచ్చేశాను, అయినా తెల్లారేసరికి తెలిసిపోయింది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. 2022 ఆగస్టులో వాట్సాప్ ఒక మార్పు ప్రకటించింది. అంతకుముందు ఎవరైనా గ్రూపు వదిలితే "ఫలానావారు left" అని బూడిదరంగు లైను అందరికీ కనబడేది. ఆ మార్పు తర్వాత అది అడ్మిన్లకు మాత్రమే కనబడుతుంది. `Exit group` నొక్కినప్పుడు ఆ సంగతి మనకూ చెబుతుంది. దాంతో మనం ధైర్యంగా నొక్కేస్తాం.

చూడాల్సింది ఆ గ్రూపులో అడ్మిన్లు ఎంతమంది అన్నది. ఆఫీసు గ్రూపులో ఒకరో ఇద్దరో ఉంటారు. పెళ్లి గ్రూపు అలా కాదు. మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్లికి పెట్టిన గ్రూపులో 64 మంది ఉంటే అందులో 11 మంది అడ్మిన్లు. మగపెళ్లివారి తరఫున ఒకరు మనుషుల్ని చేర్చాలి, ఆడపెళ్లివారి తరఫున ఒకరు చేర్చాలి, బస్సు మాట్లాడినాయన, వంటలు చూసుకున్న బాబాయి, ఇలా పని పడిన ప్రతివారినీ అడ్మిన్ చేసుకుంటూ పోయారు. పెళ్లయ్యాక ఎవరూ తీసేయలేదు. అంటే నేను వెళ్లినట్టు ఎవరికి తెలియకూడదనుకున్నానో సరిగ్గా ఆ పెద్దవాళ్లకే తెలుస్తుంది.

ఒక రాత్రి పదకొండున్నరకు నేను వచ్చేశాను. పొద్దున ఆరున్నరకు మా మేనత్త ఫోన్.

"ఏమే, నా మీద ఏమైనా కోపమా?"

"అయ్యో, నీ మీద కోపమేంటి అత్తా! పెళ్లయిపోయింది కదా అని గ్రూపులోంచి వచ్చేశానంతే."

"బాబు డాన్స్ వీడియో పెట్టగానే వెళ్లిపోయావు. నచ్చలేదేమో అనుకున్నా."

నేను ఆ వీడియో చూడనే లేదు. ఆవిడ 11.20కి మనవడి వీడియో పెట్టింది, తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు. ఆవిడ అడ్మిన్ కాబట్టి ఆవిడ ఫోన్‌లో ఆ పసివాడి డాన్స్ కింద నా పేరు, పక్కన "left". ఇంకేం లేదు. ఆ లైను ఎప్పుడూ చివరి మెసేజ్ కింద వచ్చి కూర్చుంటుంది, దానికి జవాబులా కనబడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ ఉదయం ఆవిడ బాధపడేది కాదు.

దీని వెనక మన అలవాటు కూడా ఉంది. ఎవరింటి నుంచైనా లేచేటప్పుడు మనం "వెళ్తాను" అనం, "వెళ్లొస్తాను" అంటాం. పెళ్లిలో చెప్పకుండా వెళ్లిపోయినవారి గురించి "అలిగి వెళ్లారా?" అనే మొదట అడుగుతారు. ఆ లైనులో వెళ్లడం ఒక్కటే ఉంది, రావడం లేదు. కాబట్టి అత్త అలా అనుకోవడం పొరపాటు కాదు.

పరిష్కారం

గ్రూపు పేరు మీద నొక్కి సభ్యుల జాబితా తెరవండి. అడ్మిన్ల పేర్ల పక్కన ఆ మాట రాసి ఉంటుంది. లెక్కపెట్టండి. ఇద్దరు ముగ్గురే ఉండి, వాళ్లు మీకు చనువున్నవాళ్లే అయితే నేరుగా వచ్చేయొచ్చు. పదిమంది ఉంటే ముందుగా ఇద్దరు ముగ్గురికి విడిగా రాయండి: గ్రూపు పెట్టినవారికి, వారిలో పెద్దవారికి, నొచ్చుకుంటారని మీకు అనిపించినవారికి. ఇప్పుడైతే నేను ఇలా రాస్తాను:

"అత్తా, పెళ్లి గ్రూపులోంచి ఈ రాత్రికి వచ్చేస్తున్నాను. మెసేజ్‌లు ఎక్కువై ఆఫీసువి కిందికి పోతున్నాయి. బాబు ఫొటోలు, వీడియోలు మాత్రం నాకు విడిగా పంపు. సంక్రాంతికి వస్తాను."

కారణం ఒక్కటి చాలు, అది నిజమైనదై ఉండాలి. విడిగా ఏం పంపమంటున్నామో చెప్పడం ముఖ్యం, "వెళ్లొస్తాను"లోని రావడం అక్కడ ఉంది. గ్రూపులోనే అందరికీ చెప్పి వెళ్లడం నేను వద్దంటాను. 64 మందిలో పదిమంది "ఎందుకమ్మా" అని అడుగుతారు, ఇక కదలలేరు.

తర్వాత చివరి మెసేజ్ చూడండి. ఎవరి ఇంటి ఫొటోనో, ఆరోగ్యం సంగతో, ఏదైనా వాదనో ఉంటే ఆ పూటకు ఆగండి. పొద్దున వచ్చే శుభోదయం బొమ్మల కింద ఆ లైను పడితే ఎవరూ తమ మీదకు తీసుకోరు.

సమస్య: ఒక్కరే అడ్మిన్, అయినా నెల తర్వాత ఎవరో అడిగారు

గత 60 రోజుల్లో గ్రూపు వదిలినవారి పేర్లు సభ్యుల జాబితా అడుగున ఉంటాయి, అడ్మిన్ కాకపోయినా చూడొచ్చు. చాలామందికి అది తెలియదు, తెలిసినవారు ఒక్కరున్నా చాలు. దాన్ని దాచే మార్గం లేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడమే. తొమ్మిదిమంది స్నేహితుల గ్రూపైతే ఆ జాబితా కూడా అక్కర్లేదు, లేనివారెవరో రెండు రోజుల్లో తెలిసిపోతుంది. అంత చిన్న గ్రూపులోంచి చెప్పకుండా రావడం కుదరని పని.

సమస్య: చేర్చారు, వచ్చేశాను, మళ్లీ చేర్చారు

దీని మీమ్ వేరు. అదే సింప్సన్స్‌లో 1996 నాటి ముక్క: తాతగారు లోపలికొచ్చి టోపీ తగిలించి, చుట్టూ చూసి, టోపీ తీసుకుని అదే నడకతో బయటికి పోతాడు. సెట్టింగ్స్‌లో `Privacy`, అందులో `Groups` తెరిచి `My contacts except...` ఎంచుకుని, పదే పదే చేర్చేవారి పేరు టిక్ చేయండి. ఇక వారు మిమ్మల్ని నేరుగా చేర్చలేరు, విడిగా ఆహ్వానం పంపాలి. మూడు రోజుల్లో ఒప్పుకోకపోతే అది చెల్లదు. మీరు ఇప్పటికే సభ్యులుగా ఉన్న గ్రూపులకు మాత్రం ఇది పనిచేయదు.

వదలకూడని గ్రూపు

ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, ఎవరు పోయినా కబురు మొదట వచ్చేది ఒక్క గ్రూపులోనే అయితే దాన్ని వదలొద్దు. ఆ చాట్‌ను ఆర్కైవ్ చేయండి. 2021 నుంచి కొత్త మెసేజ్ వచ్చినా అది పైకి రాకుండా అక్కడే ఉంటుంది. మిమ్మల్ని పేరుపెట్టి ట్యాగ్ చేస్తేనో, మీ మెసేజ్‌కు రిప్లై ఇస్తేనో మాత్రమే ఫోన్ పలుకుతుంది. మా ఊరి గ్రూపును అలాగే ఉంచుకున్నాను. ముఖ్యమైన కబురుంటే నన్ను ట్యాగ్ చేయమని అత్తకు చెప్పి, ఎలా చేయాలో ఆవిడ ఫోన్‌లో చూపించి వచ్చాను.