గుడ్ మార్నింగ్ సాగుతోందా? లోపం పిలుపులో వెతకండి

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ గదిలోకి వెళ్లినా పిల్లలు లేచి నిలబడి పలకరిస్తారు, నేను కూర్చోమంటాను, పాఠం మొదలవుతుంది. ఆ పది పదిహేను సెకన్లు సరిగ్గా జరగని రోజు తర్వాతి నలభై నిమిషాలు గదిని లాక్కురావడానికే సరిపోతాయి. పిల్లల జవాబులో ఏదో తేడాగా ఉందనిపించి వెతికినప్పుడల్లా, లోపం చాలావరకు నా పిలుపులోనే, అంటే వాళ్లు పలికే ముందు నేనిచ్చే సూచనలోనే దొరికింది. స్టాఫ్ రూములో తరచూ వినపడే నాలుగు ఫిర్యాదులు, వాటికి నాకు పనిచేసిన మార్గాలు రాస్తున్నాను.

సమస్య 1: పలకరింపు రాగం తీస్తోంది

"గూ...డ్ మా...ర్నింగ్ సా...ర్." ఈ రాగం తెలియని తెలుగువాళ్లు ఉండరు. మధ్యాహ్నం మూడింటికి కూడా గుడ్ మార్నింగే. పిల్లల నోరు పలుకుతుంటుంది, కళ్లు కిటికీలో ఉంటాయి. రాగం అయిపోయేసరికి గది ముందుకన్నా నీరసంగా ఉంటుంది.

కారణం: దీన్ని బద్ధకం అనుకుంటాం కానీ కాదు. నలభై మంది ఒకేసారి పలకాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరో ఒకరు చెప్పాలి. మనం చెప్పం. బ్యాగు కుర్చీలో పెడుతూనో, అటెండెన్స్ రిజిస్టర్ వెతుక్కుంటూనో లోపలికి వస్తాం. లీడరో, మొదటి బెంచీలో చురుకైన పిల్లో అందుకుంటుంది. మిగతావాళ్లు పక్కవాడి గొంతు విని కలుస్తారు. వెనకవాళ్లు వచ్చి కలిసేదాకా ముందువాళ్లు ఆగాలి కదా, అందుకని అచ్చు దొరికిన చోటల్లా సాగదీస్తారు. "గూ", "మా", "సా" అనేవి వాళ్లు ఒకరికోసం ఒకరు ఆగే చోట్లు. గుంపుగా పలికేటప్పుడు రాగం అలా పుడుతుంది.

తిరుమల వెళ్లే బస్సులో ఈ ఇబ్బంది ఎందుకు రాదో గమనించండి. ఒకాయన "ఏడుకొండలవాడా, వెంకటరమణా" అంటాడు, బస్సంతా "గోవిందా గోవింద" అంటుంది. అప్పుడే నిద్రలేచినవాళ్లు కూడా తప్పరు. పిలిచేవాడు ఒక్కడే, పిలుపు ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలుసు, అక్కడ ఒక శ్వాసంత ఖాళీ ఉంటుంది. బుర్రకథలో వంతలు "తందాన తాన" అందుకునేదీ అలాంటి ఖాళీలోనే. తరగతిలో మనం ఇవ్వనిది ఆ ఖాళీయే.

పరిష్కారం: పిలుపు మీ చేతుల్లోకి తీసుకోండి. చేతిలో వస్తువులన్నీ బల్ల మీద పెట్టేసి, బోర్డు ముందు కదలకుండా నిలబడండి. రెండు సెకన్లు ఏమీ అనొద్దు. ఆ తర్వాత చిన్న పిలుపు, ఒక శ్వాస, చిన్నగా తల ఊపు. తల ఊపిన క్షణమే వాళ్ల జవాబు పడాలి.

జవాబుకు ఎంచుకునే మాట కూడా ముఖ్యమే. సాగదీయడానికి వీల్లేని మాట కావాలి. నేను మొదట "రెడీ" పెట్టాను, వారం తిరక్కుండానే అది "రెడీ...ఈ" అయింది. తర్వాత "సిద్ధం" అనుకున్నాను. ద్ధ వత్తు దగ్గర గొంతు ఆగుతుంది కాబట్టి మాటగా అది బాగుంది. కానీ 2024 ఎన్నికలప్పుడు ఆంధ్రలో ఆ మాట ఊరూరా హోర్డింగుల మీద ఉంది, పిల్లలు అన్నప్పుడల్లా కిసుక్కుమన్నారు. చివరికి నిలబడింది ఇది:

నేను: "ఎక్కడున్నాం?"
పిల్లలు: "ఇక్కడున్నాం!"

"ఇక్" దగ్గర అందరి గొంతూ ఒకేసారి తగిలి ఆగుతుంది. ఆలస్యంగా కలవాలనుకున్నవాడికి చోటు ఉండదు. చివరి సున్నాను గుంయ్‌మనిపించే సరదారాయుళ్లు ఉంటారు, వాళ్లకోసం చెయ్యెత్తి పిడికిలి బిగిస్తాను. పిడికిలి పడితే శబ్దం ఆగాలి.

నేర్పడానికి మొదటి రోజు నాలుగైదు నిమిషాలు పడుతుంది. ముందు రెండు భాగాలూ నేనే అని చూపిస్తాను, తర్వాత ఒక వరుస చేత, ఆపైన అందరి చేత అనిపిస్తాను. మళ్లీ రాగం వస్తే కోప్పడను. బల్ల మీద వేలితో రెండు దెబ్బలు కొట్టి మూడో దెబ్బకు జవాబు పడేలా ఇంకోసారి అడుగుతాను. రెండుసార్లకు మించి తిరిగి చేయించొద్దు. మూడోసారి నుంచి వాళ్లకది ఆటైపోతుంది, కావాలని తప్పుతారు.

గుడ్ మార్నింగ్ మానేయాలని కాదు. హెడ్‌మాస్టరుకు అది లేకపోతే వెలితిగా ఉంటుంది. దాన్ని కూడా ఇలాగే మనం ముందు అని, ఖాళీ ఇచ్చి, వాళ్ల చేత అనిపిస్తే సగం రాగం అక్కడికక్కడే తగ్గుతుంది.

సమస్య 2: ముందు బెంచీలే పలుకుతున్నాయి

శబ్దం బాగానే వస్తుంది కాబట్టి ఇది పట్టుకోవడం కష్టం. పదిహేను మంది గట్టిగా పలికితే నలభై మంది పలికినట్టే ఉంటుంది. చెవితో తెలియదు, పెదాలు చూడాలి. ఒక రోజు చివరి రెండు బెంచీల పెదాలు మాత్రమే చూడండి, విషయం అర్థమవుతుంది.

కారణం: మనం పిలిచేది ముందు వరుసనే. చూపు కూడా అక్కడే ఆగుతుంది. వెనకవాళ్లకు ఆ పిలుపు తమది కాదని ఎప్పుడో తెలిసిపోయింది.

పరిష్కారం: వారంలో రెండు రోజులు గది వెనక నిలబడి పిలవండి. అందరూ బోర్డు వైపే చూస్తుంటారు, గొంతు వెనక నుంచి వస్తుంది, చివరి బెంచీ ఒక్కసారిగా మొదటి బెంచీ అవుతుంది. ఇంకో దారి కూడా ఉంది. కిటికీ వైపు వరుసలు "ఎక్కడున్నాం" అంటే తలుపు వైపు వరుసలు "ఇక్కడున్నాం" అనాలి, మర్నాడు తిరగేయాలి. సగం మందే పలుకుతారు కాబట్టి ఎవరు నోరు మెదపలేదో తెలుస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో కొందరు టీచర్లు తలుపు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ఒక్కో పిల్లాణ్ని పేరుతో పలకరిస్తారు. దాని మీద పరిశోధనలు కూడా జరిగాయి. మంచి పద్ధతే కానీ అక్కడ పిల్లలు గదులు మారతారు. మన దగ్గర పిల్లలు కూర్చునే ఉంటారు, మారేది మనం. అందుకని నేను రోజుకో వరుస పక్కగా నడిచి వెళ్లి, ఆ ఆరేడుగురిని పేరుతో పలకరించి బోర్డు దగ్గరకు చేరతాను. ఆ తర్వాతే అందరికీ పిలుపు.

పలకని పిల్లాణ్ని మాత్రం "నువ్వు అను" అని ఒంటరిగా లేపొద్దు. మా ఏడో తరగతిలో ఒక కుర్రాడు హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనలేక చెయ్యెత్తేవాడు. పొగరనుకున్నాను. వాడికి నత్తి. అదే కుర్రాడు గుంపులో "ఇక్కడున్నాం" మాత్రం తడబడకుండా అనేవాడు. నత్తి ఉన్న చాలామందికి పదిమందితో కలిసి పలికేటప్పుడు మాట సాఫీగా వస్తుంది, ఇది స్పీచ్ థెరపిస్టులకు తెలిసిన విషయమే. గుంపు జవాబు వాడికి రోజులో నోరు తెరవగలిగే ఒక్క చోటు. హాజరుకు చెయ్యెత్తితే చాలన్నాను, అందరికీ అదే రూలు పెట్టాను.

సమస్య 3: జవాబు అదిరిపోతోంది, క్లాసు మాత్రం కుదురుకోవడం లేదు

పక్క గది మేడం వచ్చి "ఏంటి సార్, క్రికెట్టా?" అని అడిగే రకం ఇది.

కారణం: "వినపడలేదు! ఇంకా గట్టిగా!" అనే అలవాటు. పిల్లలు పిలుపు గొంతునే తిరిగి ఇస్తారు. మీరు అరిస్తే అరుస్తారు, మెల్లగా అంటే మెల్లగా అంటారు. పైగా ఆ కేక తర్వాత వాళ్లకు చేయడానికి ఏమీ ఉండదు. మీరు రిజిస్టరు తెరుస్తారు, లేచిన ఊపంతా పక్కవాడి మీదికి పోతుంది.

పరిష్కారం: మధ్యాహ్న భోజనం తర్వాత ఏడో తరగతికి నేను చేసేది చెప్తాను. గదిలో ఎండ, అన్నం తిన్న మత్తు, గ్రౌండు నుంచి పరుగెత్తుకొచ్చిన ఆయాసం అన్నీ కలిసి ఉంటాయి. ముందు ఒక్క మాటా మాట్లాడకుండా బోర్డు మీద చిన్న లెక్క రాస్తాను: 3/4లో సగం ఎంత? తర్వాత వాళ్లవైపు తిరిగి పిలుపు మూడుసార్లు. మొదటిది మామూలు గొంతుతో, రెండోది సగం గొంతుతో, మూడోది గుసగుసగా. గుసగుసకు జవాబివ్వాలంటే పక్కవాడితో మాట్లాడటం ఆపాల్సిందే. మూడో జవాబు అయిన వెంటనే ఏమీ అనకుండా బోర్డు వైపు వేలు చూపిస్తాను. నోటుపుస్తకాలు తెరుచుకుంటాయి. నేను హాజరు వేసుకునేది వాళ్లు లెక్క చేస్తుండగా.

మొత్తం అర నిమిషం కూడా పట్టదు. లెక్క కష్టమైనది పెడితే మాత్రం పని చెడుతుంది. పక్కవాణ్ని అడగడం మొదలుపెడతారు, గోల మళ్లీ తయారు. సగానికి పైగా పిల్లలు సొంతంగా చేయగలిగేదే ఉండాలి. లెక్క తట్టని రోజు ఎక్కాలు ఉండనే ఉన్నాయి. "ఏడెనిమిదులు?" అని గుసగుసగా అడిగితే "యాభై ఆరు" కూడా గుసగుసగానే వస్తుంది.

సమస్య 4: రెండు వారాలు బాగా నడిచింది, ఇప్పుడు వెక్కిరిస్తున్నారు

కొత్త అరిగిపోయింది, అంతే. పిలుపు అలాగే ఉంచి జవాబు మార్చండి. రెండిటినీ కలిపి మారిస్తే మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. కొత్త జవాబు పిల్లలనే తయారు చేయమంటే ఇంకా మంచిది, వెక్కిరించినవాడికే ఆ పని అప్పజెప్తాను. మా వాళ్లు పెట్టిన "బెంచీలున్నాం" అనే అర్థంలేని జవాబు నెలంతా నడిచింది. తొమ్మిది, పది తరగతులకు ఇదంతా చిన్నపిల్లల తంతులా ఉంటుంది. వాళ్లకు నమస్తే, రెండు సెకన్ల చూపు, బోర్డు మీద లెక్క చాలు.

ఇది పనికిరాని రోజులు

పిలిచే ముందు ఆగే ఆ రెండు సెకన్లలో గదిని చూడాలి. గత పీరియడ్‌లో దెబ్బలో తిట్లో పడి ఉంటాయి, పరీక్ష పేపర్లు ఇచ్చి ఉంటారు, ఎవరింట్లోనో ఏదో జరిగి ఉంటుంది. ఒకసారి ఇవేవీ గమనించకుండా హుషారుగా "ఎక్కడున్నాం?" అన్నాను. నలుగురే పలికారు. మూడో బెంచీలో ఒకమ్మాయి తల బల్ల మీద పెట్టుకుని ఉంది, వాళ్ల తాతయ్య పొద్దున్నే పోయాడట, కబురు అప్పుడే వచ్చింది. అలాంటి రోజు పిలుపు వదిలేసి, "కూర్చోండి నాన్నా" అని, నేను కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటాను.