కుక్కపిల్లను ఎంచుకోవడం – పాఠం 4: పెడిగ్రీ కాగితంలో రెండుసార్లు కనిపించే పేరు

పోయిన పాఠంలో తుంటి ఎక్స్‌రే చూశాం. ఈసారి రావులపాలెంలో ఒక బ్రీడర్ దగ్గర లాబ్రడార్ పిల్లను చూసి, పెడిగ్రీ కాగితం ఫొటో తెచ్చుకున్నారని అనుకుందాం. జన్యు పరీక్ష రిపోర్టులూ ఇచ్చాడు. ముందు వాటి సంగతి.

లాబ్రడార్లకు చేయించే పరీక్షల్లో ముఖ్యమైనవి రెండు. పీఆర్‌సీడీ-పీఆర్ఏ కంటి జబ్బు. పిల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, పెద్దయ్యాక ముందు రేచీకటి, ఆపైన పూర్తి అంధత్వం వస్తాయి. రెండోది ఈఐసీ. బంతి వెనక కాసేపు గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్ళు కుంగిపోతాయి. మన కోనసీమ ఎండల్లో ఇది ఇంకా ప్రమాదం. రెండూ చెడ్డ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే వచ్చే జబ్బులు. రిపోర్టులో ‘క్లియర్’ అంటే చెడ్డ ప్రతి లేదు, ‘క్యారియర్’ అంటే ఒకటే ఉంది, ‘ఎఫెక్టెడ్’ అంటే రెండూ ఉన్నాయి.

మన కేసులో తండ్రి బ్రూనో రెండింటికీ క్లియర్. తల్లి రోజీ కంటి జబ్బుకు క్యారియర్, ఈఐసీకి క్లియర్. ‘క్యారియర్’ అన్న మాట చూసి టెన్షన్ పడక్కర్లేదు. బ్రూనో ఇచ్చేది మంచి ప్రతే కాబట్టి పిల్లల్లో ఎవరికీ ఆ జబ్బు రాదు. సగటున సగం మంది క్యారియర్లవుతారు, అంతే. ఇద్దరూ క్యారియర్లయితే మాత్రం ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. క్యారియర్ అని దాచకుండా చెప్పి, క్లియర్‌తో జత కలిపిన బ్రీడర్ నా లెక్కలో మంచివాడే. రిపోర్టు మీది మైక్రోచిప్ నంబరూ, పెడిగ్రీ మీది నంబరూ ఒకటేనా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

ఇంతవరకూ బాగుంది. కానీ పరీక్ష పట్టుకునేది మనకు తెలిసిన జన్యు లోపాలనే. తెలియనివి ఎన్నున్నాయో ఏ ల్యాబూ చెప్పలేదు. అక్కడ పనికొచ్చేది ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియంట్, పొట్టిగా సీఓఐ. పిల్లలో ఏదైనా ఒక జన్యు స్థానంలో తల్లి ఇచ్చిన ప్రతీ, తండ్రి ఇచ్చిన ప్రతీ ఒకే పూర్వీకుడి నుంచి దిగివచ్చిన నకళ్ళయ్యే అవకాశం ఎంతో అది చెబుతుంది. దీన్ని 1922లో సీవాల్ రైట్ అనే జన్యు శాస్త్రవేత్త లెక్కకట్టాడు. మన ఇళ్ళలో మేనరికం పెళ్ళికి పుట్టిన బిడ్డకు ఇది 6.25 శాతం, మేనమామను చేసుకుంటే 12.5.

ఇప్పుడు కాగితం తీయండి. సాధారణంగా మూడు తరాలుంటాయి: తల్లిదండ్రులు ఇద్దరు, తాతయ్యలూ నానమ్మా అమ్మమ్మా కలిపి నలుగురు, ముత్తాతల తరం ఎనిమిది మంది. తండ్రి వైపూ తల్లి వైపూ కూడా ఉన్న పేర్లకు సున్నా చుట్టండి. మన కాగితంలో రెండు దొరికాయి. షేరా బ్రూనోకి తండ్రి, రోజీ తండ్రి మ్యాక్స్‌కీ తండ్రే. బెల్లా బ్రూనో తల్లి లూసీకి తల్లి, రోజీ తల్లి డైనాకీ తల్లే.

ఒక్కో పేరుకీ దారి గీయండి. తండ్రి దగ్గర మొదలై, ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి, అటువైపు నుంచి తల్లి దాకా దిగాలి. దారిలో ఉన్న కుక్కల్ని లెక్కపెట్టి, ½ని అన్నిసార్లు గుణించాలి.

```
బ్రూనో–షేరా–మ్యాక్స్–రోజీ         : (1/2)^4 = 6.25%
బ్రూనో–లూసీ–బెల్లా–డైనా–రోజీ      : (1/2)^5 = 3.125%
మొత్తం                            : 9.375%
```

అంటే మేనరికం కంటే ఎక్కువ, మేనమామ సంబంధం కంటే తక్కువ. “లైన్ బ్రీడింగేనండీ, మంచి లక్షణాలు నిలబడాలని” అంటాడు బ్రీడర్. నిలబడతాయి, నిజమే. దాగి ఉన్న లోపాలూ వాటితోపాటే జతకూడతాయి. షేరా ఎంతకాలం బతికింది, ఏ జబ్బుతో పోయింది అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే నేనైతే ఆ పిల్లను తీసుకోను.

చాలామంది తడబడేది ఒకచోట. షేరా తల్లిదండ్రుల పేర్లు రెండు వైపులా కనిపించినా, షేరా గుండానే వస్తున్నాయి కాబట్టి మళ్ళీ కలపకూడదు. షేరాను తప్పించుకుని వేరే దారిలో వస్తేనే కలపాలి. షేరా తానే దగ్గర సంబంధంలో పుట్టి ఉంటే దాని దారిని (1 + షేరా సీఓఐ)తో గుణించాలి, అప్పుడు అంకె పెరుగుతుంది.

మూడు తరాల కాగితంలో ఏ పేరూ రెండుసార్లు రాకపోతే సున్నా వస్తుంది. అది ఆ మూడు తరాలకే సున్నా. నాలుగో తరంలో పేరుమోసిన ఒకే మగకుక్క రెండు వైపులా కూర్చుని ఉండవచ్చు. అందుకే బ్రీడర్‌ను ఐదారు తరాలు అడగండి, లేదా డీఎన్ఏ నుంచే లెక్కించిన సీఓఐ ఉంటే అది చూడండి. కాగితం ఇచ్చేది అంచనా, డీఎన్ఏ ఇచ్చేది ఆ కుక్కలో నిజంగా ఉన్నది.

అభ్యాసం: ఒక పిల్ల కాగితంలో తండ్రి తల్లీ, తల్లి తల్లీ ఒకటే, పేరు జూలీ. జూలీ తల్లిదండ్రుల పేర్లూ రెండు వైపులా ఉన్నాయి. ఇంకెక్కడా ఉమ్మడి పేరు లేదు. సీఓఐ ఎంత? జవాబు పాఠం 5లో, దానితోపాటు ల్యాబ్ రిపోర్టు అసలుదో కాదో చూసే పద్ధతి.