ఓటీ లెక్క తప్పితే మేనేజర్ ఏం చెప్పాలి

బరంపురం దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ అనుకోండి. రోజు కూలి 480, అంటే గంటకు 60. తొమ్మిది మంది ఆరేసి గంటలు ఓటీ చేశారు. ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు రేటు కట్టాలి, మేనేజర్ మామూలు రేటే వేశాడు. మనిషికి 360, మొత్తం 3,240 రూపాయలు తగ్గాయి.

ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి. ఓనరుతో మాట్లాడి, ఏ రోజు ఇస్తారో ఖాయం చేసుకున్నాకే అందరి ముందుకు రావాలి. తేదీ లేని క్షమాపణ ఎవరికీ ఎక్కదు. షిఫ్ట్ మొదలయ్యే ముందు, అందరూ నిలబడి ఉండగానే రెండు నిమిషాల్లో చెప్పేయండి: "ఓటీ రేటు నేనే తప్పు వేశాను, క్షమించండి. ఒక్కొక్కరికి 360 తక్కువ వచ్చింది. ఈ సాయంత్రం ఆరింటికి ఇస్తాను, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోండి." ఇదే మాట ఒడియాలోనూ మీ నోటితోనే చెప్పండి. పక్కవాడు గుసగుసగా చెబితే సగం మారిపోతుంది.

"ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే" అనకండి, ఇబ్బంది కలిగింది కదా! షీటు రాసింది గుమాస్తా అయినా, సంతకం మీది కాబట్టి అతని పేరు ఎత్తొద్దు. అతనితో తర్వాత విడిగా మాట్లాడుకోవచ్చు.

పాత నెలల షీట్లూ అదే వారంలో తిరగేయండి, ఒకసారి తప్పిన రేటు ముందూ తప్పి ఉండొచ్చు. ఇకపై జీతానికి రెండు రోజుల ముందే ఓటీ గంటలు, రేటు గోడకు అంటించండి.