రూ.1,500తో నాలుగో తరగతికి చిన్న లైబ్రరీ ఎలా?

పుస్తకాలు కొనడం తర్వాత. ముందు హెచ్‌ఎం గదిలో బీరువా తాళం అడగండి. సమగ్ర శిక్ష గ్రాంటుతో వచ్చిన పుస్తకాలు చాలా బడుల్లో అక్కడే అట్టలు కూడా నలగకుండా ఉంటాయి. మా దగ్గర అలా 35 దొరికాయి.

తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి రెండు నిమిషాలు చదివించండి. మా తరగతిలో 28 మంది. అందులో 9 మంది గుణింతాల దగ్గరే తడుముకుంటున్నారు, 11 మంది కూడబలుక్కుని వాక్యాలు చదువుతున్నారు, 8 మంది కథ గడగడా చదివేస్తున్నారు. బీరువాలోని 35లో మొదటి తొమ్మిది మందికి పనికొచ్చేవి నాలుగే! అందుకే డబ్బులో ఎక్కువ భాగం వాళ్ల కోసమే పెట్టాం.

తెలుగులో పుస్తకం కష్టమా సులువా అన్నది పేజీల సంఖ్యను బట్టి తేలదు, ఒత్తులను బట్టి తేలుతుంది. 'అమ్మ', 'అక్క' లాంటివి ఇబ్బంది పెట్టవు. 'స్వాతంత్ర్యం' లాంటి మాట పేజీకి రెండు మూడు ఉంటే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, బొమ్మ చూస్తే కథ తెలిసిపోయేవి ఏరుకోండి.

ఖర్చు ఇలా అయింది. 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థల దగ్గర తక్కువ ధరవి 20 పుస్తకాలు, రూ.800. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. 12 కథలు, ఒక్కోటి 8 పేజీలు, పేజీకి రెండు రూపాయల చొప్పున రూ.192. రంగుల బొమ్మలు జిరాక్సులో నల్లటి మచ్చలైపోతాయి, కాబట్టి గీతల బొమ్మలున్నవే ఎంచుకోండి. పురికొస, బట్టల క్లిప్పులు, వెడల్పాటి టేపు, ఒక రిజిస్టరు కలిపి రూ.300. మిగిలిన రూ.208 ముట్టుకోలేదు. రెండో నెలలో కొత్తవి కావాలని అడుగుతారు కదా.

పుస్తకాలను కిటికీ నుంచి కిటికీకి కట్టిన పురికొసకు పిల్లల ఛాతీ ఎత్తులో, అట్ట బయటికి కనిపించేలా వేలాడదీయండి. బరువైనవి జారిపోతాయి, వాటిని అట్టపెట్టెలో పెట్టండి.

మేం మొదట్లో ఒక పొరపాటు చేశాం. స్థాయిని బట్టి అట్టల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు పెట్టాం. వారం తిరక్కుండానే "ఎర్ర చుక్కది చిన్నపిల్లలదిరా" అన్న మాట వినిపించింది. ఆ తొమ్మిది మందీ ఆకుపచ్చ పుస్తకాలు పట్టుకుని ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. చుక్కల్ని వెనక అట్ట లోపలికి మార్చి, పుస్తకాలను జంతువులు, నవ్వించేవి, దయ్యాలు అని విడగొట్టాం. ప్రతి గుంపులోనూ మూడు స్థాయులవీ ఉండేలా చూశాం. గడగడా చదివేవాళ్లు కూడా దయ్యాల గుంపులోని చిన్న పుస్తకాలను వదల్లేదు.

రిజిస్టరు పిల్లలే రాయాలి. పేరు, పుస్తకం, తేదీ చాలు. చిరిగితే జరిమానా వేయకండి, వేస్తే మర్నాటి నుంచి ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. టేపు ఇచ్చి వాళ్ల చేతే అతికించండి. నెలకోసారి రిజిస్టరు తిరగేసి, ఎవరూ తీసుకోని వాటిని పక్క తరగతి వాళ్లతో మార్చుకోండి.