రాసిస్తానన్న క్లయింటు రాయకపోతే

సమస్య: పని పూర్తయింది, క్లయింటు మెచ్చుకున్నారు. టెస్టిమోనియల్ అడిగితే "తప్పకుండా, రాసిస్తాను" అన్నారు. మూడు వారాలైనా ఏమీ రాలేదు.

కారణం: సాధారణంగా ఇది ఇష్టం లేకపోవడం కాదు. "మా పని గురించి నాలుగు మాటలు రాయండి" అని అడిగాం. మనకు అది చిన్న కోరికే, కానీ ఆయనకు వ్యాసరచన పోటీ. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత రాయాలి, తప్పులు దొర్లితే ఎలా? ఖాళీ కాగితం ముందు కూర్చోవడం ఎవరికీ సరదా కాదు కనుక రేపటికి వాయిదా వేస్తారు.

పరిష్కారం: దిద్దుకోవడానికి వీలైన చిత్తుప్రతి మనమే పంపాలి. అయితే దాన్ని మన ఊహలోంచి రాయకూడదు. ముందుగా ఆయన పంపిన పాత సందేశాలు వెతకండి. విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారికి నేను సరుకు లెక్కల షీటు తయారుచేసి ఇచ్చాను. మొదటి నెలాఖరున ఆయన నుంచి వచ్చిన సందేశం ఇది: "ఈసారి లెక్క ఒక్కపూటలో తేలిపోయిందండీ, నేనే నమ్మలేకపోయాను." నేను ఎంత తల బద్దలుకొట్టుకున్నా ఇంత మంచి వాక్యం రాయలేను. చిత్తుప్రతిని దాని చుట్టూ అల్లాను. అంతకుముందు ఇబ్బంది ఏమిటి, ఇప్పుడు ఏం మారింది, ఇది ఎవరికి పనికొస్తుంది అన్నవి మూడు వాక్యాల్లో సరిపోతాయి.

పంపిన సందేశం ఇలా ఉంది:

"నమస్కారమండీ. మీకు శ్రమ లేకుండా, మీరు అన్న మాటలతోనే మూడు వాక్యాలు రాశాను. నచ్చనివి కొట్టేయండి, మీ పద్ధతిలో మార్చండి. మొదటి వాక్యంలో ఖాళీ మీరే నింపాలి.

'నెలాఖరు సరుకు లెక్కకు మాకు ____ పట్టేది. కొత్త షీటు వచ్చాక ఒక్కపూటలో తేలిపోయింది, నేనే నమ్మలేకపోయాను. రకరకాల సామాను నిల్వ పెట్టుకునే వ్యాపారులకు ఇది బాగా పనికొస్తుంది.'"

ఆ ఖాళీ కావాలనే వదిలాను. ఎందుకో తర్వాతి సమస్య చూస్తే తెలుస్తుంది.

సమస్య: చిత్తుప్రతి పంపిన రెండు నిమిషాల్లోనే "చాలా బాగుంది, అలాగే పెట్టుకోండి" అని జవాబు వచ్చింది.

కారణం: చాలావరకు ఆయన చదివి ఉండరు. మనం మరీ నున్నగా రాసి పంపితే దిద్దడానికి చెయ్యి రాదు. "అద్భుతమైన నైపుణ్యం, అపారమైన అంకితభావం" లాంటి మాటలు కనిపిస్తే అనుమానం లేదు, అవి మనవే. రేపు మరో క్లయింటు ఫోన్ చేసి "ఇది మీరే అన్నారా?" అని అడిగితే ఆయన తడబడతారు, మన పరువు పోతుంది.

పరిష్కారం: ఆయనకు మాత్రమే తెలిసిన ఒక అంకె దగ్గర ఖాళీ ఉంచండి. దాన్ని నింపాలంటే చదవక తప్పదు. పెన్ను చేతిలోకి వచ్చాక మిగతాది కూడా దిద్దుతారు. ఖాళీ పెట్టడం మరిచిపోయి ఉంటే ఒక్క ప్రశ్న వేయండి: "ఇందులో మీరు మామూలుగా అనని మాట ఏదైనా ఉందా?"

ఆ వ్యాపారి ఖాళీలో "రెండు రోజులు" అని రాసి, మూడో వాక్యం కొట్టేసి, దాని చోట ఇది చేర్చారు: "మొదటి వారం మా వాళ్లు అలవాటు పడటానికి కాస్త తంటాలు పడ్డారు." ఇలాంటిది వస్తే కత్తిరించాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఉంచేశాను. తరువాత నన్ను సంప్రదించినవారిలో ఒకరు ఆ వాక్యాన్నే ప్రస్తావించి, అలవాటు చేయడానికి నేను ఎంత సమయం ఇస్తానని అడిగారు. అక్షరదోషాలు సరిచేయవచ్చు. అర్థం మారే దిద్దుబాటు ఏదైనా చేస్తే మళ్లీ ఆయనకు చూపించాలి.

సమస్య: మాటలు సరే అన్నారు, పేరు దగ్గర వెనకాడుతున్నారు.

కారణం, పరిష్కారం: ఉద్యోగంలో ఉన్నవారికి సంస్థ అనుమతి అవసరం కావచ్చు. పూర్తి పేరు, హోదా, సంస్థ పేరు, ఫొటో వీటిలో ఏవి వాడవచ్చో, ఎక్కడెక్కడ వాడవచ్చో మొదటి సందేశంలోనే అడగండి. హోదా, వ్యాపారం రకం మాత్రమే ఇచ్చినా తీసుకోండి.

సమస్య: అసలు జవాబే లేదు.

కారణం: అడిగిన సమయం చూసుకోండి. బిల్లు చెల్లింపు మధ్యలో ఉండగా అడిగితే బేరంలా వినిపిస్తుంది. పని అప్పగించిన రోజే అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఫలితమే ఉండదు. ఫలితం చూసి ఆయనంతట ఆయన మెచ్చుకున్న రోజో, మర్నాడో అడగడం మేలు.

పరిష్కారం: వారం తర్వాత అదే చిత్తుప్రతి జతచేసి ఒక్కసారి గుర్తుచేయండి, పాత సందేశం వెతుక్కునే పని ఆయనకు పెట్టకండి. అప్పటికీ పలకకపోతే వదిలేయండి. "శుక్రవారంలోగా చెప్పకపోతే అంగీకరించినట్టే భావిస్తాను" అని మాత్రం రాయకండి. ఆయన చూడని వాక్యం కింద ఆయన పేరు పెట్టే హక్కు మనకు లేదు.