పల్లీ అలర్జీ, పాఠం 3: మూతి వాపు తగ్గింది, దగ్గు మొదలైంది

పోయిన పాఠంలో మూతి ఒక్కటే వాచి పిల్లాడు మామూలుగా ఆడుకుంటుంటే, డాక్టర్ చెప్పిన డోసులో సెట్రిజిన్ సిరప్ వేసి కళ్లముందే పెట్టుకోండి అన్నా కదా, అది నా నెత్తికే చుట్టుకుంది. "అక్కా, సిరప్ వేశాం, వాపు తగ్గుతోంది, దగ్గు ఉంది, పడుకోబెట్టాం" అని మెసేజ్‌లు. దగ్గు వచ్చాక నిద్రపుచ్చడమేంటి!

సెట్రిజిన్ దురదకి, దద్దుర్లకి, అదీ నెమ్మదిగా పనిచేస్తుంది. లోపల గొంతు వాచడాన్ని, ఊపిరి బిగుసుకోవడాన్ని, బీపీ పడిపోవడాన్ని ఆపదు. పైన వాపు తగ్గి లోపల ముదరొచ్చు, అందుకే మూతిని కాదు, ఊపిరిని, గొంతుని చూడండి. దగ్గు ఆగకపోయినా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలొచ్చినా, మళ్లీమళ్లీ వాంతులైనా, పిల్లాడు వాడిపోయి మత్తుగా ఉన్నా అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి, ఆలస్యం వద్దు.

ఓ లెక్క చేద్దాం. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, నాలుగేళ్ల బాబు, 15 కిలోలు. 8:10కి ఇడ్లీలో పల్లీ చట్నీ. 8:20కి పై పెదవి బన్నులా ఉబ్బింది. 8:30కి రెండు వాంతులు, బొంగురు గొంతు. ఇక్కడే 108కి ఫోన్. బాబుని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, వాంతి వస్తుంటే పక్కకి తిప్పాలి, ఊపిరాడక ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోబెట్టాలి. మెట్ల మీద నడిపించకండి, ఒక్కసారిగా లేపితే బీపీ ఇంకా పడిపోవచ్చు. నోట్లో వేలు పెట్టి కక్కించడం, నిమ్మరసం, ఇవేవీ వద్దు.

క్యాజువాల్టీలో 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే అడ్రినలిన్ కిలోకి 0.01 మి.లీ., అంటే ఈ బాబుకి 0.15 మి.లీ., తొడ బయటి పక్క మధ్యలో, కండలోకి. 5 నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది. తగ్గాక కూడా గంటల తర్వాత తిరగబెట్టొచ్చు కాబట్టి డాక్టర్ చెప్పేదాకా వార్డులోనే ఉంచాలి, "బాగానే ఉన్నాడుగా" అని డిశ్చార్జ్ అడగకండి. ఇంట్లో ఇన్సులిన్ సిరంజి ఉందని దాంతో పొడిచేయాలనుకునేవాళ్లకి, ఆ సూది చాలా పొట్టి, కండ దాకా పోదు. ఇంట్లో ఉంచుకోవాలంటే డోసు రాయించుకుని, నేర్చుకున్నాకే.

తర్వాత అలర్జీ డాక్టర్. స్కిన్ ప్రిక్ టెస్ట్‌కి వారం ముందు సెట్రిజిన్ ఆపాలేమో అడగండి, లేకపోతే అలర్జీ ఉన్నా టెస్ట్‌లో కనపడకపోవచ్చు. పెద్ద ప్యానెల్ రక్తపరీక్షలు నాకు నచ్చవు, తిని ఏమీ కాని వాటికీ పాజిటివ్ వస్తుంది, అన్నీ మానిపించి పిల్లాడిని ఎండబెట్టేస్తారు. బయట బగారా బైంగన్, మిర్చి కా సాలన్ మసాలాలోనూ పల్లీ ఉంటుంది, అడగండి.

ప్రాక్టీస్: ఇవాళ రాత్రి పిల్లాడిని పడుకున్నట్టే అడ్డంగా ఎత్తుకుని మెట్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, దగ్గరి క్యాజువాల్టీలో 24 గంటలు పిల్లలకి అడ్రినలిన్ ఇస్తారో లేదో కనుక్కుని, పిల్లాడి బరువుతో పాటు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.