ముందు కుర్చీ, తర్వాతే ల్యాప్‌టాప్ స్టాండ్

గుంటూరులో మా డైనింగ్ టేబులే నా ఆఫీసు. మెడ పట్టేస్తోందని స్టాండ్ కొని, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ తగిలించాను. మెడ తేలికైంది గానీ వారం తిరక్కుండా భుజాలు లాగడం మొదలైంది. చూస్తే టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు, టైప్ చేసినంతసేపూ భుజాలు పైకి లేచే ఉంటున్నాయి. కుర్చీలో గట్టి దిండు వేసి, మోచేతులు కీబోర్డు ఎత్తుకు వచ్చేదాకా లేపాను, పాదాలు వేలాడకుండా కింద అమ్మమ్మ పీట వేశాను. నేను ఎత్తయ్యాను కాబట్టి స్టాండ్ మళ్లీ పెంచాల్సి వచ్చింది, ఆ పని రెండుసార్లు ఎందుకు! మౌస్ కీబోర్డు పక్కనే ఆనించి పెట్టండి. దూరపు చూపుకి పైభాగం, దగ్గరి చూపుకి కింది భాగం ఉండే ప్రోగ్రెసివ్ కళ్లజోడు వాళ్లు మాత్రం స్క్రీన్ కాస్త కిందికే ఉంచుకోండి, లేదంటే అద్దాల కింది భాగంలోంచి చూడటానికి గడ్డం ఎత్తి, మెడ వెనక్కి వాల్చాల్సి వస్తుంది.